వంద కార్డుల ధర

పురానాపూల్ మీద ఇప్పుడు బండ్లు పోవు, కూరగాయలు అమ్ముతారు. 1578లో ఇబ్రహీం కుతుబ్ షా కట్టించిన వంతెన మీద టమాటాలు కుప్పలు పోసి ఉంటాయి. ట్రాఫిక్ అంతా పక్కనున్న కొత్త వంతెన మీద. మా ప్రింటింగ్ షాపుకు వచ్చేవాళ్లలో సగం మంది ఆ కూరగాయల సంచి చేత్తో పట్టుకునే వస్తారు. పెళ్లి కార్డుల ధర అడిగేటప్పుడు వాళ్ల మనసులో ఉన్న లెక్క కూడా ఆ వంతెన మీదిదే: కిలో ఇంత, ఐదు కిలోలైతే కొంచెం తగ్గించు. న్యాయమైన లెక్కే. కాకపోతే ఒక్క కిలో తూచినా పది కిలోలు తూచినా టమాటా అమ్మేవాడికి ముందుగా అయ్యే ఖర్చంటూ వేరే ఏమీ లేదు. కార్డు విషయంలో మొదటి కార్డు బయటికి రాకముందే వెయ్యిన్నర దాటిపోయి ఉంటుంది. ఈ తేడా రేట్ల షీటులో ఎక్కడ కూర్చోవాలన్నదే ఈ వారం నేను చెప్పదలచుకున్న సంగతి.

కార్డులంటే పాతబస్తీలో అందరూ ఛత్తా బజారే అంటారు. డిజైన్ల ఆల్బమ్ తిరగేసేది అక్కడే ఎక్కువ. మావంటి చిన్న షాపులు టోకు వ్యాపారి దగ్గర ఖాళీ కార్డు తెచ్చి, మేటర్ కొట్టి, స్క్రీన్ ప్రింటింగ్ చేసి ఇస్తాయి. ఒక మామూలు కార్డు తీసుకుందాం: పైన బంగారు రంగులో పేర్లు, లోపలి చీటీకి ఒకవైపు ఉర్దూ, రెండోవైపు ఇంగ్లీషు, ఆపైన కవరు. మొత్తం నాలుగు ముఖాలు, అంటే నాలుగు స్క్రీన్లు. ఉర్దూ మేటర్ ఇన్‌పేజ్‌లో చేయాలి, ఇంగ్లీషు వేరే. తెలుగు శుభలేఖ అయితే అను ఫాంట్లు. ప్రూఫు తీసుకుపోయి ఇంట్లో పెద్దలందరికీ చూపించి, మేనమామ పేరు పైకి, పెదనాన్న పేరు కిందికి మార్చి తెస్తారు. అదంతా పనే.

ఇప్పుడు ఖర్చు రెండు కుప్పలుగా పోద్దాం. ఇక్కడి అంకెలు లెక్క అర్థం కావడానికి వేసుకున్నవి. మీ షాపులో ఎవరి అంకెలు వాళ్లు పెట్టుకోవచ్చు, పద్ధతి మారదు.

మొదటి కుప్ప, ఎన్ని కార్డులైనా ఒక్కసారే అయ్యే ఖర్చు. మేటర్ కొట్టడానికి, రెండు ప్రూఫులకు 560. నాలుగు స్క్రీన్లు తీయడానికి ఒక్కోటి 150 చొప్పున 600. ఒక్కో స్క్రీను బల్లకు బిగించి, కార్డు గురి కుదిర్చే కూలి 75 చొప్పున 300. గురి కుదిరేదాకా చెడిపోయే కార్డులు పది, 14 రూపాయల లెక్కన 140. మొత్తం 1,600.

రెండో కుప్ప, కార్డు కార్డుకూ అయ్యేది. ఖాళీ కార్డు, చీటీ, కవరు కలిపి 14. నడుస్తున్న పనిలో నూటికి రెండున్నర చెడిపోతాయి, దానికి 35 పైసలు. నాలుగు ముఖాల అచ్చుకు 70 పైసల చొప్పున 2.80. మడతపెట్టి, చీటీ దూర్చే కూలి 85 పైసలు. మొత్తం 18 రూపాయలు.

వంద కార్డులకు 1,600 మీద 1,800, అంటే 3,400. కార్డుకు 34 పడింది. రెండు వందలకు 5,200, కార్డుకు 26. మూడు వందలకు 7,000, కార్డుకు 23.33. ఐదు వందలకు 21.20. వెయ్యికి 19.60. రెండు వేలకు 18.80. ఈ వరసను ఒక్క నిమిషం నిలబడి చూడాలి. వంద నుంచి రెండు వందలకు పోతే కార్డు మీద ఎనిమిది రూపాయలు తగ్గింది. వెయ్యి నుంచి రెండు వేలకు పోతే తగ్గింది ఎనభై పైసలు. టోకు ధర తగ్గనంత వరకు, ఎంత ఎక్కువ అచ్చు వేసినా 18 కంటే కిందికి రాదు, ఎందుకంటే ఆ 18లో 14 మనది కాదు, టోకు వ్యాపారిది.

గోడల మీద కనబడే రేటు బోర్డులు మాత్రం దీనికి సరిగ్గా ఎదురు దిక్కున నడుస్తాయి. మూడు వందల కార్డులను మామూలు ఆర్డరుగా పెట్టుకుని 31 రూపాయలు అని రాస్తారు. ఐదు వందలకు నూటికి పది తగ్గింపు, వెయ్యికి ఇరవై, రెండు వేలకు ముప్పై. వంద కావాలన్నవాళ్లకూ అదే 31. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. లెక్క వేస్తే వంద కార్డుల ఆర్డరు మీద 3,100 వస్తుంది, ఖర్చు 3,400, అంటే షాపు మూడు వందలు ఎదురు పెట్టి పని చేసి ఇస్తోంది. రెండు వేల ఆర్డరుకు కార్డు 21.70కి పోతుంది, ఖర్చు 18.80, మిగిలేది 2.90. నూటికి పదమూడు చిల్లర. రెండు మూడు రోజులు బల్ల ఖాళీ లేకుండా పనిచేస్తే మిగిలింది అంత. మధ్యలో మూడు వందల నుంచి ఐదు వందల దాకా ఆర్డర్లు ఉన్నంతకాలం ఈ బోర్డు బాగానే పనిచేస్తున్నట్టు ఉంటుంది. చిన్న ఆర్డర్లు, పెద్ద ఆర్డర్లు పెరిగిన సీజనులోనే చేతిలో పని నిండుగా ఉండి గల్లా మాత్రం ఖాళీగా కనబడుతుంది. బోర్డు తప్పని పట్టుకోవడానికి ఇంతకంటే గుర్తు అక్కర్లేదు.

ఇక మార్జిన్. ఖర్చు మీద నూటికి పాతిక వేసుకోవడం వేరు, అమ్మిన ధరలో నూటికి పాతిక మిగుల్చుకోవడం వేరు. ఐదు వందల కార్డుల ఖర్చు 10,600. దాని మీద పాతిక శాతం కలిపితే 13,250. మిగిలింది 2,650, అది 13,250లో పాతిక కాదు, ఇరవై. అమ్మకంలో నిజంగా పాతిక మిగలాలంటే 10,600ని 0.75తో భాగించాలి, అప్పుడు 14,133 వస్తుంది. తొమ్మిది వందల తేడా. పోనీలే అనుకోవడానికి లేదు, ఎందుకంటే మా దగ్గర బేరం ఆడకుండా అడ్వాన్సు ఇచ్చేవాళ్లు ఉండరు. 13,250 మీద నూటికి పది తగ్గించండి అంటారు, పదే కదా అని ఒప్పుకుంటాం. ధర 11,925కు దిగుతుంది. మిగిలేది 1,325, అంటే ముందున్న 2,650లో సరిగ్గా సగం. ధరలో పది పోతే లాభంలో సగం పోయింది. అందుకని బేరానికి వదిలేది ఎంతో దాని గడి షీటులో విడిగా ఉండాలి, మార్జిన్‌లోంచి చేతికందినంత తీసి ఇవ్వకూడదు.

ఆ పాతిక కూడా లాభం అనుకోవద్దు. అద్దె, కరెంటు, కంప్యూటరు మీద కూర్చునే పిల్లవాడి జీతం అందులోంచే పోవాలి. నెలకు అవి 30,000 అనుకుంటే ఏడాదికి 3,60,000. నూటికి పాతిక మిగిలే షాపు ఏడాదికి 14,40,000 అమ్మితే ఆ ఖర్చుకు ఖర్చు సరిపోతుంది. యజమాని ఇంటికి తీసుకుపోయేది ఆ తరవాత మొదలవుతుంది. పైగా మా షాపుకు ఏడాదంటే పన్నెండు నెలలు కాదు. ముహర్రంలో నిఖాలు ఉండవు, రంజానులో ఉండవు. ఆషాఢంలో, మూఢంలో తెలుగువాళ్ల పెళ్లిళ్లు ఉండవు. రెండు వర్గాలకూ పనిచేసే షాపుకు ఒకటి ఆగితే ఇంకొకటి నడుస్తుందని ధైర్యం. అయితే 2024లోనూ 2025లోనూ ముహర్రం, ఆషాఢం దాదాపు ఒకే అమావాస్య నుంచి మొదలయ్యాయి, ఆ నెల పెళ్లి కార్డు అన్నది లేకుండానే గడిచింది. తెలుగు పంచాంగంలో అధిక మాసం వస్తేనే ఈ రెండూ విడిపోతాయి. 2026లో అధిక జ్యేష్ఠం ఉంది కాబట్టి ముహర్రం ఆషాఢానికి ముందు నెలకు జరుగుతుంది. మార్జిన్ ఎంత పెట్టాలో ఏడాది మొదట్లో కూర్చుని ఆలోచించేటప్పుడు పక్కన పంచాంగం పెట్టుకునేది ఇందుకే.

స్లాబుల సంగతికి వద్దాం. పైన కట్టిన ఖర్చుల ప్రకారం సరైన ధరలే వేసి బోర్డు రాశామనుకోండి. 100 నుంచి 199 దాకా కార్డు 46, 200 నుంచి 299 దాకా 35. ఒక తండ్రి 180 కార్డులు కావాలని వస్తాడు. 46 చొప్పున 8,280. రెండు వందలు తీసుకుంటే 7,000. ఇరవై కార్డులు ఎక్కువిచ్చి దాదాపు పదమూడు వందలు తక్కువ తీసుకుంటున్నాం. లెక్క వేసి చూస్తే 152 దాటిన ప్రతి ఆర్డరుకూ ఇదే తంతు. తెలిసినవాడు 200 రాయించుకుంటాడు, తెలియనివాడు 180కి 8,280 కట్టి పోతాడు. ఆ తెలియనివాడి దగ్గర అంత తీసుకోవడం నాకు ఇష్టం లేదు. 180 కార్డుల నిజమైన ఖర్చు 4,840. పాతిక మార్జిన్‌తో 6,453 తీసుకోవాలి, అంతే.

మందు చాలా చిన్నది. ధరను ఒక్క అంకెగా చెప్పడం మానేసి రెండు అంకెలుగా చెప్పడం. 1,600ని 0.75తో భాగిస్తే 2,133. పద్దెనిమిదిని భాగిస్తే 24. పని పెట్టడానికి 2,133, ఆపైన కార్డుకు 24. వంద తీసుకున్నా వెయ్యి తీసుకున్నా ఈ రెండు అంకెలే. తగ్గింపు అడగకుండానే దానంతటదే వస్తుంది, రావలసినంతే వస్తుంది, ఏ సంఖ్య దగ్గరా మెట్టు విరగదు. గోడ మీది బోర్డులో మటుకు 100, 200, 300, 500, 1000 కార్డులకు మొత్తం ధరలు రాసి ఉంచండి, చూసి పోల్చుకోవడానికి. ఆ మధ్య సంఖ్యలకు షీటు చెబుతుంది.

అలాగైతే స్లాబులే అక్కర్లేదా అంటే, ఒక చోట కావాలి. టోకు వ్యాపారి నిజంగానే స్లాబుల్లో అమ్ముతాడు: వెయ్యి సెట్లు కొంటే కార్డు 14 బదులు 13 ఇస్తాడు. అది నిజమైన తగ్గింపు, మన దగ్గరికి వచ్చిన తగ్గింపు, కాబట్టి ఖర్చు వైపు గడిలో కూర్చోవాలి. ఇక్కడొక మెలిక ఉంది. మనం వెతకవలసింది గిరాకీ అడిగిన సంఖ్య కాదు, మనం కొనే సంఖ్య. 980 కార్డుల ఆర్డరుకు చెడిపోయేవి కలుపుకుంటే 1,015 సెట్లు కొంటాం. 980తో వెతికితే షీటు 14 చూపిస్తుంది, 1,015తో వెతికితే 13. మన కొటేషన్ ఖర్చులోనే వెయ్యి రూపాయల పైన తేడా వస్తుంది, పక్క షాపువాడు సరిగ్గా వెతికితే ఆర్డరు అతనిది. 950 ఆర్డరుకు 984 సెట్లు కావాలి, 14 చొప్పున 13,776. వెయ్యి కొంటే 13,000. మిగిలిన పదహారు సెట్లు ఊరికే వచ్చినట్టే.

షీటులో ఇదంతా నాలుగైదు గడుల పని. B2లో కార్డు నంబరు, B3లో ఎన్ని కావాలి, B7లో మార్జిన్. Cards అన్న షీటులో కార్డు నంబర్లు, వాటి కొనుగోలు ధరలు. Slabs అన్న షీటులో టోకు తగ్గింపు.

```
B4  =ROUNDUP(B3*1.025,0)+10
B5  =VLOOKUP(B2,Cards!$A$2:$C$200,3,FALSE)
B6  =VLOOKUP(B4,Slabs!$A$2:$B$6,2,TRUE)
B8  =1460+B4*(B5-B6)+B3*3.65
B9  =CEILING(B8/(1-B7),10)
```

B8లో 1,600 బదులు 1,460 ఎందుకంటే, గురి కుదిర్చేటప్పుడు చెడే పది కార్డులు B4లో అప్పటికే కలిసిపోయాయి. రెండు చోట్లా వేస్తే గిరాకీ రెండుసార్లు కట్టినట్టు. ఐదు వందల కార్డులు వేసి చూస్తే B9లో 14,150 వస్తుంది, ముందు చేత్తో కట్టిన 14,133 కంటే కొంచెం ఎక్కువ, ఎందుకంటే షీటు సెట్లను పూర్తి సంఖ్యకు, ధరను పదులకు పైకి సర్దుతుంది.

B5 చివర FALSE, B6 చివర TRUE ఉండటం మీద కొంచెం సేపు ఆగాలి. కార్డు నంబరు ఉన్నది ఉన్నట్టు దొరకాలి, దొరక్కపోతే #N/A రావాలి, అదే మంచిది. అక్కడ TRUE పెట్టినా, ఏమీ పెట్టకుండా వదిలేసినా, జాబితాలో లేని నంబరుకు కూడా దాని కంటే ముందున్న ఏదో కార్డు ధర తెచ్చి పెడుతుంది. తప్పు అని ఎక్కడా చెప్పదు. 40 రూపాయల కార్డుకు 14 రూపాయల ధర చూపించి కొటేషన్ అచ్చయిపోతుంది. స్లాబు దగ్గర ఇందుకు తిరగేసి: 1,015 అన్న అంకె పట్టికలో ఉండదు, దాని కింది మెట్టు 1,000 కావాలి, కాబట్టి TRUE. అందుకు పట్టిక చిన్న సంఖ్య నుంచి పెద్ద సంఖ్యకు వరసగా ఉండాలి, మొదటి మెట్టు 1 అయి ఉండాలి. 100 నుంచి మొదలుపెడితే డెబ్బై సెట్ల ఆర్డరుకు #N/A వస్తుంది. ఇంకొకటి, మెట్టును "500-999" అని రాయకండి. మనిషికి అది అంకెల హద్దు, షీటుకు వట్టి అక్షరాలు. మెట్టు మొదలయ్యే అంకె ఒక్కటే రాయాలి. ఏ మార్పు చేసినా B4లో 999, 1,000, 1,001 వచ్చేలా B3 మార్చి B6 ఎప్పుడు మారుతుందో చూడటం మా షాపులో అలవాటు.

కొటేషన్ ఇచ్చిన తరవాత ఆ వరసను వేరే షీటులోకి విలువలుగా అతికించి, తేదీ వేసి, నంబరు ఇచ్చి పెట్టాలి. సూత్రాలు అలాగే వదిలేస్తే, వచ్చే వారం టోకు ధర మార్చిన రోజున పాత కొటేషన్లన్నీ వాటంతటవే మారిపోతాయి. గిరాకీ జేబులోంచి చీటీ తీసి 14,150 చూపిస్తాడు, మన తెర మీద ఇంకేదో ఉంటుంది. మాట మాట పెరిగేది అక్కడే. ఈ ధర ఎన్ని రోజులు చెల్లుతుందో కూడా చీటీ మీదే ఉండాలి.

ఇదంతా చేసినా ఒక గొడవ తప్పదు, అది పని అయిపోయిన తరవాత వస్తుంది. జియాగూడ నుంచి వచ్చే ఒక అన్న ఐదు వందల కార్డులు తీసుకుపోయాడు. పంచడం మొదలుపెట్టాక ఆడపిల్ల అత్తవారి వైపు చాలలేదట, ఇంకో యాభై కావాలని వచ్చాడు. ధర చెప్పగానే కౌంటరు మీద చెయ్యి పెట్టి నిలబడ్డాడు.

"అన్నా, మొన్న ఇరవై ఎనిమిది లెక్కన ఇచ్చినవ్ గద. ఇయ్యాల యాభై రెండంటే ఎట్లనే?"

"స్క్రీన్లు కడిగేసినమే అన్నా. మళ్లీ నాలుగూ తియ్యాలె. నువ్వు నాలుగు రోజుల ముందు వచ్చి ఉంటే ముప్పై ఆరుకే అయిపోతుండె."

ఆయన నమ్మలేదు, ఎందుకు నమ్మాలి. కాగితం తీసి ఆయన ముందే రాసి చూపించాను. మేటర్ ఉంది కాబట్టి దానికి ఏమీ లేదు. స్క్రీన్లకు 600, బిగించి గురి కుదిర్చేందుకు 300, చెడిపోయే పది కార్డులకు 140. ఇవి 1,040. యాభై కార్డులకు 18 చొప్పున 900. మొత్తం 1,940, పాతిక మార్జిన్‌తో 2,587. స్క్రీన్లు కడగకుండా ఉండి ఉంటే ఆ 600 పోయి 1,340 ఖర్చు, 1,787 ధర. మొదటి రోజే ఐదు వందల యాభై రాయించుకుని ఉంటే ఆ యాభైకి అయ్యేది 24 చొప్పున 1,200.

కాగితం చూసి ఆయన అన్న మాట ఒక్కటే: "గీ ముచ్చట మొదలే చెప్పాలె గదనే."

ఆయన అన్నది సరైన మాట. అప్పటి నుంచి మా కొటేషన్ చీటీలో ధర కింద ఇంకో రెండు వరసలు వస్తున్నాయి. ఇప్పుడే యాభై కలిపితే ఎంత అవుతుందో ఒక వరస. స్క్రీన్లు ఏ తేదీ దాకా ఉంచుతామో, ఆ తేదీ లోపల వస్తే యాభైకి ఎంత, దాటి వస్తే ఎంత అన్నది రెండో వరస. రెండూ అదే షీటు లెక్కే, B3లో అంకె మార్చి, B8 మొదట్లో ఉన్న 1460 తీసి ఒకసారి 300, ఒకసారి 900 పెట్టి కట్టినవే. ఇప్పుడు ఐదు వందలు రాయించబోయే వాళ్లు చాలామంది చీటీ చూసి, ఇంటికి ఫోను చేసి, ఐదు వందల యాభై చేస్తున్నారు. కొందరు అదే ఫోనులో మాట్లాడి నాలుగు వందలకు దింపుతున్నారు కూడా. రెండు వైపులా మార్జిన్ పాతికే.